స్నేహితురాలి కూతురి ఫొటో పెట్టి హెయిర్‌కట్ సలహా అడగొచ్చా?

ఎంవీపీ పిన్ని: మా స్నేహితురాలి కూతురికి 13 ఏళ్ళు. జుట్టు భుజాల దాకా కత్తిరించుకోవాలని దాని సరదా. మొహానికి నప్పుతుందో లేదో తేలక తల్లీకూతుళ్ళు కొట్టుకుంటున్నారు. మొన్న ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ముందు తీసిన ఫొటో నా ఫోన్‌లో ఉంది. వేల మంది ఉన్న హెయిర్‌స్టైల్ గ్రూపులో పెట్టి అడుగుదామనుకుంటున్నా. వెనకాల బెంచీ మీద ఎవరో ఇద్దరు కూర్చుని ఉన్నారు, వాళ్ళ మొహాలు బ్లర్ చేసేస్తే చాలా?

భీమిలి రోడ్డు: చాలమ్మా. బీచ్ అంటే పబ్లిక్ ప్లేసు, అక్కడ ఎవరు ఎవరినైనా తీసుకోవచ్చు. పిల్ల తల్లి మీ స్నేహితురాలే కాబట్టి ఆ గొడవా లేదు. ఫొటోలో లొకేషన్ ఒక్కటి తీసేసి పెట్టేయండి.

సీతమ్మధార: లొకేషన్ గురించి చెప్పింది నిజమే. మిగతా రెండూ సగం సగం నిజాలు. బీచ్‌లో ఫొటో తీయడం ఒక పని. ఆ ఫొటోను వేల మంది ముందు పెట్టి “ఎలా ఉంది?” అని అడగడం ఇంకో పని. మొదటిదానికి ఎవరూ అడ్డు చెప్పలేదని రెండోదానికి ఒప్పుకున్నట్టు కాదు. స్నేహితురాలైనా సరే, ఈ ఫొటోకీ ఈ గ్రూపుకీ ఆవిడ సరే అన్నారా అన్నదే ప్రశ్న. పిన్నిగారూ, పిల్లను అడిగారా?

ఎంవీపీ పిన్ని: పిల్లని అడగలేదు. వాళ్ళమ్మ కాదనదులెండి.

సీతమ్మధార: ఇద్దరినీ అడగండి, వేరువేరుగా. తల్లి ఎదురుగా అడిగితే పిల్ల తల ఊపేస్తుంది. “ఫొటో పెట్టొచ్చా?” అని పైపైన అడిగితే దేనికి ఒప్పుకుంటున్నారో వాళ్ళకీ తెలియదు. పెట్టబోయే ఫొటోనే పంపి ఇలా రాయండి: “ఈ ఫొటో ఫలానా గ్రూపులో పెడతాను. భుజాల దాకా కట్ బాగుంటుందా అని మాత్రమే అడుగుతాను. ఆదివారం రాత్రి తీసేస్తాను. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఏదైనా రాయొచ్చు, అవి నీ కంట పడొచ్చు. వద్దంటే పర్వాలేదు.” జవాబు రాకపోతే వద్దన్నట్టే లెక్క. తల్లి సరే అని పిల్ల వద్దంటే పెట్టకండి. ఆ మాటలు పడాల్సింది ఆ పిల్లే కదా.

భీమిలి రోడ్డు: 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు పిల్లలకి తల్లిదండ్రుల అనుమతి ఉంటే చాలు. పిల్లని అడగాలని అందులో లేదు.

సీతమ్మధార: ఆ చట్టం పిల్లల సమాచారం తీసుకునే సంస్థలను ఉద్దేశించింది. మనిషి తన సొంత అవసరానికో ఇంటి అవసరానికో చేసేది దాని పరిధిలోకి రాదు. వేల మంది ఉన్న గ్రూపులో పెట్టడం ఇంటి అవసరమవుతుందా అంటే, వాదించేవాళ్ళు రెండువైపులా ఉంటారు. నేనైతే ఆ సందు చూసుకుని పెట్టను. పిల్లను అడగమన్నది చట్టం కోసం కాదు.

గాజువాక: మా బట్టల కొట్లో కస్టమర్లు కొత్త డ్రెస్ వేసుకున్న ఫొటోలు స్టేటస్‌లో పెడుతుంటాను. నచ్చబట్టే కొనుక్కున్నారు కదా, వాళ్ళనీ అడగాలా? నెంబర్లున్నవాళ్ళకే కనబడుతుంది.

సీతమ్మధార: అడగాలండీ. అక్కడ వాళ్ళు మీ సరుకుకి ప్రకటన అవుతున్నారు. బిల్లు రాసేటప్పుడే అడిగేస్తే సరిపోతుంది. మొహం లేకుండా మెడ నుంచి కిందికి తీస్తే చాలామంది సరే అంటారు. అదీ అడిగాకే.

ఉక్కునగరం: పిన్నిగారి అసలు ప్రశ్నకి వద్దాం. ఎడిటింగ్ నా పని కాబట్టి అది చెబుతాను. సబ్‌మెరైన్ కనబడుతుంటే ఊరు చెప్పక్కర్లేదు, విశాఖ వాళ్ళెవరైనా పడతారు. మొహం కప్పినా స్కూల్ యూనిఫాం, మెడలో ఐడీ కార్డు, బ్యాగు మీద పేరు, పక్కనున్న బండి నెంబరు ఉంటే మనిషి దొరికిపోయినట్టే. ముందు ఫొటోను పెద్దది చేసి నాలుగు మూలలూ చూడండి. మొహం ఆఖరున చూద్దురుగాని.

బెంచీ మీద ఇద్దరినీ బ్లర్ చేయకండి, కత్తిరించి పారేయండి. మీ ప్రశ్నకి వాళ్ళతో పనే లేదు. పలచటి బ్లర్‌లో తెలిసినవాళ్ళు ఒంటి తీరుని బట్టి, చీర రంగుని బట్టి పోల్చుకుంటారు. కత్తిరించడం కుదరకపోతే నిండు రంగు పెట్టెతో కప్పండి. హైలైటర్ లాంటి పెన్నుతో మాత్రం గీయొద్దు. అది చూడ్డానికి నల్లగా ఉన్నా కింద ఉన్నది పూర్తిగా పోదు. అనుమానముంటే సేవ్ చేసిన ఫొటోని మళ్ళీ ఎడిట్‌లో తెరిచి బ్రైట్‌నెస్, షాడోస్ చివరి దాకా పెంచండి. మొహం తేలిందంటే ఆ పెన్ను పనికిరాదు.

కత్తిరించాక ఆ ఫైలే పంపేయకండి. కొన్ని పిక్సెల్ ఫోన్లలో క్రాప్ చేసిన భాగం ఫైల్లోనే మిగిలిపోతోందని 2023లో బయటపడింది. తర్వాత అప్‌డేట్‌తో సరిచేశారు గానీ, అంతకుముందు పంపినవి అలాగే ఉండిపోయాయి. అందుకని కత్తిరించి, కప్పిన ఫొటోను తెర నిండా తెరిచి స్క్రీన్‌షాట్ తీయండి, ఆ స్క్రీన్‌షాట్‌నే పెట్టండి. పాత ఫొటోలోని లొకేషన్ దానిలోకి రాదు. పైన నోటిఫికేషన్లలో ఎవరి పేరైనా పడిందేమో ఒక్కసారి చూసుకోండి.

భీమిలి రోడ్డు: వాట్సాప్‌లో పంపితే లొకేషన్ దానంతటదే పోతుందిగా?

ఉక్కునగరం: ఫొటోగా పంపితే పోతుంది. క్వాలిటీ తగ్గకూడదని డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది, లొకేషన్‌తో సహా. ఎక్కువమంది అక్కడే దెబ్బతింటారు.

కంచరపాలెం: ఇంత హైరానా ఏటండీ? జుట్టు గురించే కదా, పిల్లని గోడ ముందు నిలబెట్టి వెనకనుంచొకటి, పక్కనుంచొకటి తీయండి. మాది పార్లరే. జుట్టు ఒత్తుగా ఉందా, ఉంగరాలు తిరుగుతుందా, ఎక్కడిదాకా ఉంది, అవే ముందు చూస్తాం. మొహం గుండ్రమో కోలో మాటల్లో రాస్తే చాలు.

సీతమ్మధార: నాకిదే నచ్చింది. అడగడం కూడా ఇరుకుగా అడగండి. “ఎలా ఉంది?” అంటే రంగు తక్కువ, బొద్దుగా ఉందన్న మాటలకి తలుపు తీసినట్టే. “భుజాల దాకానా, నడుం దాకానా?” అనండి.

ఉక్కునగరం: నుదురు వెడల్పు తెలియకుండా కట్ చెప్పడం కష్టమని మా ఆవిడ అంటోంది.

కంచరపాలెం: నుదుటి మీది జుట్టు కట్ చేయాలంటే ఆవిడ మాటా నిజమే. అప్పుడు ఫొటో ఎందుకు, పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి చూస్తే సరి.

ఎంవీపీ పిన్ని: ఒకవేళ పెట్టాక వద్దనిపిస్తే డిలీట్ చేసేస్తే పోతుంది కదా?

ఉక్కునగరం: వాట్సాప్‌లో అందరికీ డిలీట్ చేయడానికి రెండు రోజుల పైచిలుకు గడువుంటుంది. ఈలోగా ఐఫోన్‌లో గ్యాలరీలోకి సేవ్ అయిపోయినవి అక్కడే ఉంటాయి. ఒకసారే చూసేలా పంపినా పక్క ఫోన్‌తో తెరని ఫొటో తీస్తే ఎవరు ఆపుతారు?

సీతమ్మధార: ఎవరైనా పిల్ల ఫొటోను మార్ఫ్ చేశారనో, అసభ్యంగా రాశారనో తెలిస్తే ముందు ఆ పోస్టు లింకు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసుకుని అప్పుడు డిలీట్ చేయించండి. ఆధారం పోతే ఫిర్యాదు బలం తగ్గుతుంది. మార్ఫ్ చేసిన ఫొటో మాత్రం మీరు ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, సాక్ష్యం కోసమైనా సరే. ఫిర్యాదు cybercrime.gov.in లో, మహిళలు, పిల్లలకి సంబంధించిన విభాగంలో పెట్టాలి.

ఎంవీపీ పిన్ని: వాళ్ళమ్మ సరే అంది. పిల్లకి మెసేజ్ పెట్టాను, చూసింది, జవాబివ్వలేదు. గోడ ముందు తీసిన ఫొటో అయితే ఒప్పుకుంటుందేమో మళ్ళీ అడగొచ్చా?

సీతమ్మధార: అది వేరే ఫొటో కాబట్టి ఒక్కసారి అడగొచ్చు. దానికీ జవాబు రాకపోతే కంచరపాలెం గారి కుర్చీయే.