అప్‌డేట్: దొర్లే బంతి కోణీయ ద్రవ్యవేగం లెక్క తేలింది

నా ప్రశ్న: "జారుతూ వదిలిన, లోపల బోలుగా లేని గట్టి బంతికి ఘర్షణ వల్ల టార్క్ లేని బిందువు తీసుకున్నా, కోణీయ ద్రవ్యవేగం ఎందుకు మారిపోతోంది?"

తప్పు దొరికింది. నేను బంతి నేలను తాకే చోటునే, బంతితో పాటు కదిలే బిందువుగా తీసుకున్నాను. ఘర్షణ బంతిని నెమ్మదింపజేస్తుంది కాబట్టి ఆ బిందువుకూ త్వరణం ఉంది. అక్కడ `τ = dL/dt` నేరుగా పనిచేయదు. అందుకే టార్క్ సున్నా అయినా, మొదట సున్నా ఉన్న L తర్వాత `Iω` అయింది.

నిన్న ఎంవీపీ కాలనీలో మా అన్నయ్య నేల మీద చాక్‌పీస్‌తో చుక్క పెట్టి, "ఇది కదలదు, దీని చుట్టూ లెక్కించు" అన్నాడు. ఘర్షణ ఆ చుక్క గుండా పోయే గీత మీదే ఉంటుంది. బరువు, నేల ప్రతిచర్య పరస్పరం రద్దవుతాయి. అంటే L మారదు:

`m·v0·R = m·v·R + (2/5)·m·R²·ω`

దొర్లడం మొదలయ్యాక `v = ωR`, కాబట్టి `v = (5/7)·v0`. 7 మీ/సె తో వదిలితే 5 మీ/సె.

నమ్మకం కుదరక ఘర్షణతో విడిగా చేశాను. `v0 − μgt = (5/2)μgt` నుంచి అదే 5/7 వచ్చింది, μ ఎంతైనా!

ద్రవ్యకేంద్రం చుట్టూ సమీకరణం త్వరణం ఉన్నా సరైనదే, కానీ అక్కడ ఘర్షణ టార్క్ ఉంటుంది, L నిలవదు.