‘రాష్ట్రం’ అని వెతికితే ఫైల్లో ఒక్కటీ దొరకదు, కంటికి మాత్రం పేజీ నిండా ఉంది

తుంగభద్ర (కర్నూలు): అందరికీ నమస్కారం. మా దగ్గర పాత ప్రత్యేక సంచిక ఒకటి పేజ్‌మేకర్ ఫైళ్లుగా దొరికింది. పాత ఫాంటులో ఉంటే కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి తెచ్చాను. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటం మీద, దానికి ముందు శ్రీబాగ్ ఒడంబడిక మీద పెద్ద వ్యాసాలున్నాయి, కాబట్టి ‘రాష్ట్రం’ లేని పేరా ఉండదు. కానీ వర్డ్‌లో ఆ మాట టైపు చేసి వెతికితే ఏమీ లేదంటోంది. ఫైల్లోంచి కాపీ చేసి వెతికితే మాత్రం అన్నీ దొరుకుతున్నాయి! నేను కొట్టిన దానికీ, దానికీ తేడా ఏందో నాకు కనబడటం లేదు. అక్కడక్కడా ‘విదా్యర్థి’ లాంటివి కూడా వచ్చాయి, అవైతే చూడగానే తెలుస్తున్నాయి.

ఎర్రనేల: ఫాంటు సమస్య అన్నా. వేరే ఫాంటు పెట్టి చూడు.

పాత ప్రెస్సు (కడప): ఫాంటుది కాదు. ఫాంటు ఎన్ని మార్చినా వెతుకులాట మారదు, లోపలి అక్షరాల వరసే తప్పింది. తుంగభద్ర గారూ, ఒక చిన్న పరీక్ష చేయండి. ఫైల్లోని ఆ మాట చివర కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కొక్కసారే కొట్టండి. కంప్యూటర్లో చాలా ఎడిటర్లు వెనకనుంచి ఒక్కో ముక్కనే చెరుపుతాయి. ముందు సున్న పోతుంది. తర్వాతి దెబ్బకి ర పోతే మాట సరిగ్గా ఉన్నట్టు. ట పోతే తప్పుగా ఉన్నట్టు.

తుంగభద్ర: ట పోయింది సార్. ‘రాష్ర్’ మిగిలింది.

పాత ప్రెస్సు: అదే. మీ ఫైల్లో ఉన్నది ష, ర వత్తు, ట వత్తు. ఉండాల్సింది ష, ట వత్తు, ర వత్తు. పలికేటప్పుడు ష్, ట్, ర అనే కదా పలుకుతాం, యూనికోడ్‌లో కూడా ఆ వరసే. తెరమీద మాత్రం రెంటికీ ష కింద ఒక ట వత్తు, ఒక క్రావడి కనబడతాయి, ఫాంటును బట్టి క్రావడి కాస్త అటూ ఇటూ జరుగుతుందంతే. అందుకే కన్ను పట్టుకోదు.

ఇది ఎందుకొస్తుందంటే, మేం డీటీపీ చేసిన రోజుల్లో ఫాంటులో ‘అక్షరం’ అనేదే లేదు, బొమ్మలే ఉండేవి. తలకట్టు ఒక బొమ్మ, గుడి ఒకటి, ఒక్కో వత్తుకు ఒక్కో బొమ్మ. కాగితం మీద సరిగ్గా పడితే చాలు, ఏది ముందు కొట్టామో ఎవరికీ పట్టదు. క్రావడి ఎడమ పక్కనుంచి చుట్టుకొస్తుంది కాబట్టి చాలా ఫాంట్లలో దాన్ని మిగతా వత్తుకన్నా ముందే కొట్టేవాళ్లం. ‘విద్యార్థి’లో అయితే ముందు ‘దా’ మొత్తం వేసేసి, తర్వాత దాని పక్కన యవత్తు తగిలించేవాళ్లం. ఇప్పుడు కన్వర్టర్ ఆ బొమ్మల్ని మేం కొట్టిన వరసలోనే యూనికోడ్‌లోకి దించేసింది, వరస సరిచేయలేదు. మీకు రెండు జబ్బులున్నట్టు కనబడుతోంది గానీ మూలం ఒకటే.

సీమ కుర్రోడు: సార్ నాదీ ఇదే ప్రాబ్లం. ఊళ్ల పేర్ల లిస్టు ఎక్సెల్‌లో తెరిస్తే ఇలా వచ్చింది, దీన్ని ఏ పాత ఫాంటు అనుకుని కన్వర్ట్ చేయాలి?

```
à°•à°°à±à°¨à±‚à°²à±
```

పాత ప్రెస్సు: ఇది పాత ఫాంటే కాదు బాబూ, దేన్లోనూ కన్వర్ట్ చేయొద్దు. ఇది మంచి యూనికోడ్ తెలుగే, ఎక్సెల్ దాన్ని యూటీఎఫ్-8 అనుకోకుండా ఇంగ్లిష్ విండోస్ ఎన్‌కోడింగ్ అనుకుని చదివింది. à° , à± పదే పదే వస్తే అదే గుర్తు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఒక్కొక్కటీ మూడు బైట్లు, మొదటి రెండూ ఎప్పుడూ ఆ రెండు జతల్లో ఒకటిగానే కనబడతాయి. మీ మాట ‘కర్నూలు’.

కానీ ఇక్కడ అతికించిన ముక్కను వెనక్కి తిప్పబోకండి. పొల్లుకూ, కొమ్ముకూ మూడో బైటు ఆ ఇంగ్లిష్ పట్టికలో బొమ్మే లేని చోట పడుతుంది, కాపీ చేసేటప్పుడు రాలిపోతుంది. మీరు పెట్టిన దాంట్లో చూడండి, ర తర్వాత à± ఒక్కటే ఉంది, చివర్లోనూ అంతే. మొదటిది పొల్లు, చివరిది కొమ్ము, కానీ ఇప్పుడు రెండూ ఒకేలా ఉన్నాయి. కర్నూలా, కరునూలా అని యంత్రానికి ఎట్లా తెలుస్తుంది? అసలు సీఎస్‌వీ ఫైలు ఉంది కదా, దాన్ని డబుల్ క్లిక్ చేయకుండా, ఎక్సెల్‌లో డేటా మెనూలోంచి టెక్స్ట్ ఫైలుగా తెచ్చుకుని 65001: Unicode (UTF-8) అని ఎంచుకోండి. అంతే, బాగైపోతుంది.

సీమ కుర్రోడు: వచ్చేసింది సార్!! థాంక్యూ.

ఎర్రనేల: సరే, తుంగభద్ర అన్నది చాలా ఈజీ కదా మరి. ర వత్తు తర్వాత ఇంకో వత్తు ఎక్కడుంటే అక్కడ రెంటినీ తిరగెయ్యి. స్ర్తీ, శాస్ర్తం, వస్ర్తం, నిష్ర్కమణ, ఉత్ర్పేక్ష అన్నీ ఒక్క దెబ్బకి సరైపోతాయి. అట్నే ఫైల్లో కనబడకుండా ఉండే 200C అనే యూనికోడ్ అక్షరాలన్నీ డిలీట్ కొట్టు, ఫైలు శుభ్రం.

పాత ప్రెస్సు: మొదటిది ముప్పాతిక ఒప్పు. మిగతా పావు ఆయన ఫైల్ని పాడుచేస్తుంది. స్వాతంత్ర్యం తీసుకో. త, ర వత్తు, య వత్తు. అదే సరైన వరస. నీ రూలు నడిపితే అది ‘స్వాతంత్య్రం’ అవుతుంది, దారిద్ర్యం ‘దారిద్య్రం’ అవుతుంది. ఆంధ్ర రాష్ట్రం మీద వ్యాసం అంటున్నారు, స్వాతంత్ర్యం లేకుండా ఉంటుందా?

పద్యప్రియ (ప్రొద్దుటూరు): అవును, మా స్తోత్రాల ఫైల్లో గాయత్ర్యై నమః అన్నది గాయత్య్రై అయి కూర్చుంది. ఎవరో ఈ రూలే నడిపినట్టున్నారు. ఇది వ్యాకరణంతో చూసుకుంటే తేలికగా గుర్తుంటుంది. ర తర్వాత య గానీ వ గానీ రావడం యణాదేశ సంధి వల్ల సహజం: త్రి, అంబకుడు కలిస్తే త్ర్యంబకుడు, శత్రు, ఆదులు కలిస్తే శత్ర్వాదులు. మిగతా హల్లులతో అట్లా రాదు. కాబట్టి య, వ వదిలేసి తక్కినవాటికి తిప్పితే సరిపోతుంది.

పాత ప్రెస్సు: సరిగ్గా చెప్పారమ్మా. ఇక 200C. అది అన్నిచోట్లా చెత్త కాదు. ‘కలెక్టర్‌కు’, ‘సాఫ్ట్‌వేర్’ అని పొల్లు విడిగా నిలబడాలంటే పొల్లుకూ తర్వాతి హల్లుకూ మధ్య అది ఉండాల్సిందే. తీసేస్తే ‘కలెక్టర్కు’ అవుతుంది. పొల్లు తర్వాత, హల్లు ముందు ఉంటే ఉంచండి. స్పేసు ముందో, దీర్ఘం తర్వాతో, కామా పక్కనో ఉంటే తీసేయండి. ‘శ్రీబాగ్’ తర్వాత స్పేసు ముందు మీకు కచ్చితంగా ఒకటి ఉండి ఉంటుంది, చూసుకోండి. 200B, FEFF, పంక్తి చివర మాట విరవడానికి పెట్టే 00AD, ఈ మూడూ ఎక్కడున్నా తీసేయొచ్చు.

పైథాన్ ఉంటే ఇది చాలు, t అంటే ఫైల్లోని పాఠం:

```
import re
t = re.sub("[\u200b\ufeff\u00ad]", "", t)
t = re.sub("(?<!\u0c4d)\u200c|\u200c(?![\u0c15-\u0c39])", "", t)
t = re.sub("([\u0c3e-\u0c4c])((?:\u0c4d[\u0c15-\u0c39])+)", "\\2\\1", t)
t = re.sub("\u0c4d\u0c30\u0c4d(?![\u0c2f\u0c35])([\u0c15-\u0c39])",
           "\u0c4d\\1\u0c4d\u0c30", t)
```

ఈ వరస మార్చొద్దు. ‘దా’కూ యవత్తుకూ మధ్య కనబడని అక్షరం ఇరుక్కుని ఉంటే మూడో రూలు దాన్ని పట్టుకోలేదు, అందుకే ముందు చెత్త తీయాలి. అట్నే ‘స్త్రీ’ మీ ఫైల్లో ముందు ‘స్రీ’ మొత్తం వేసి, తర్వాత త వత్తు వేసినట్టు ఉండొచ్చు. మూడో రూలు గుడి దీర్ఘాన్ని చివరికి నెడుతుంది, అప్పుడు ‘స్ర్తీ’ అవుతుంది, ఆ తర్వాతే నాలుగోది దాన్ని ‘స్త్రీ’ చేస్తుంది. నాలుగోదాన్ని ముందు నడిపితే, అది చూసేసరికి ఇట్లాంటి మాటల్లో గుణింతం ఇంకా రెండు వత్తుల మధ్యే ఉంటుంది. మూడో రూలు గురించి భయం అక్కర్లేదు, సరైన తెలుగులో గుణింతం గుర్తు తర్వాత పొల్లు రానే రాదు.

తుంగభద్ర: ఫైలు కాపీ తీసుకుని నడిపాను సార్. రాష్ట్రం దొరుకుతోంది, విద్యార్థి బాగైంది. కానీ ‘స్వాతంత్య్రం’ అని తప్పుగా ఉన్నవి ముందే కొన్ని ఉన్నట్టున్నాయి, అవి అట్లాగే ఉన్నాయి. ఇంకొక చోట ‘విద్‌యాలయం’ అని చీలిపోయి ఉంది.

పాత ప్రెస్సు: మొదటిదానికి ఇంకో రూలు పెట్టొచ్చు, య వత్తు గానీ వ వత్తు గానీ వచ్చి వెంటనే ర వత్తు ఉంటే తిరగేయమని. రెండోదానికి మందు లేదు. పొల్లు, 200C, హల్లు, చూడటానికి సాఫ్ట్‌వేర్‌లో ఉన్న వరసే ఇక్కడా ఉంది. ఏది కలవాలో, ఏది విడిగా ఉండాలో తెలుగు తెలిసిన మనిషి చెప్పాలి. 200C ఉన్న మాటలన్నీ ఒక జాబితాగా తీసి, ఒకే మాట మళ్లీ మళ్లీ రాకుండా చేసుకుని, అక్షరక్రమంలో పెట్టి చదవండి. ఫైలంతా చదవడంకన్నా చాలా తక్కువ పని.

పద్యప్రియ: ఒక్క నిమిషం. వ, ర తిరగేసే రూలు పద్యాల మీద నడపకండి. ద్రుతం తర్వాత ‘వ్రాసె’ వస్తే ‘కావ్యమున్వ్రాసె’ అని కలిపి రాస్తాం. అక్కడ న, వ వత్తు, ర వత్తు, అదే సరైనది. మీ రూలుకు అది ‘న్ర్వాసె’ అయిపోతుంది.

పాత ప్రెస్సు: నిజమే, అది నాకు తట్టలేదు. అయితే వచనానికి కూడా య ఒక్కదానికే పెట్టుకోండి, వ ఉన్నవి కంటితో చూడండి, ఎట్లాగూ నాలుగైదుకన్నా ఉండవు.

ఎర్రనేల: మరి 200D? అది కూడా చెత్తేనా?

పాత ప్రెస్సు: మామూలు పాఠంలో అయితే తీసేయొచ్చు.

పద్యప్రియ: నేను ఒప్పుకోను. మా దగ్గరున్న పాత పుస్తకంలో ధర్మం, కర్మ అన్నీ వలపలగిలకతోనే ఉన్నాయి, ర్ తర్వాత 200D పెడితేనే వలపలగిలక వచ్చేది. తీసేస్తే పాత అచ్చు రూపం పోతుంది.

పాత ప్రెస్సు: ఉంచితే ‘ధర్మం’ అని వెతికేవాడికి అది దొరకకపోవచ్చు. పైగా వలపలగిలక చూపించని ఫాంటు ఉన్నవాళ్లకి ఆ రూపం ఎట్లాగూ కనబడదు. అచ్చు రూపం కావాలంటే స్కాన్ ఉంది కదమ్మా.

పద్యప్రియ: స్కాన్ స్కానే, పాఠం పాఠమే. రెండు ఫైళ్లు పెట్టుకుంటాను, ఒకటి వెతకడానికి, ఒకటి చదవడానికి.

తుంగభద్ర: నా ఫైల్లో వలపలగిలక లేదు గానీ, 200C జాబితా తీశాను. ‘కర్‌నూలు’ అని కొన్నిచోట్ల ఉంది, ‘కర్నూలు’ అని మిగతా చోట్ల. అసలు అచ్చులో కూడా విడిగానే వేశారు. కలపమంటారా, ఉంచమంటారా?

ఎర్రనేల: ఊరు నీది, నువ్వే చెప్పు అన్నా.