ఆటవెలది రెండో పాదంలో "వచ్చాడు" ఎందుకు పట్టదు?

లావణ్య
అందరికీ నమస్కారం. మామూలుగా మాట్లాడుకునే తెలుగులో ఒక ఆటవెలది రాద్దామని కూర్చున్నాను. "వచ్చెను, పోయెను, గాంచెను" లాంటివి రాకూడదని నాకు నేనే పెట్టుకున్న షరతు. ఇదీ వచ్చింది:

అమ్మ ఫోను చేసి అడిగింది మెల్లగా
పండక్కి రావడం లేదా నువ్వు
సెలవు దొరకలేదు చెప్పాను నవ్వుతూ
ఫోను పెట్టాక ఇల్లు బోసి

ఒకటి, మూడు పాదాలు పెద్దగా కష్టపడకుండానే కుదిరాయి. గణాలు చూసుకున్నాను, యతి కూడా పడింది. రెండు, నాలుగు మాత్రం ఎటు తిప్పినా లొంగడం లేదు. నాకు చేతకాకనా, వ్యావహారికానికి ఆ పాదాలు సరిపడకనా? ఎవరైనా చెప్పగలరా?

సుబ్బారావు
ఇంత గాభరా ఎందుకమ్మా. సూర్యగణం అంటే మూడు మాత్రలు, ఇంద్రగణం అంటే అయిదు. బేసి పాదంలో 3, 3, 3, 5, 5. సరి పాదంలో అయిదు మూళ్లు. వేళ్ల మీద తాళం వేసుకుంటూ పాడుకో, అదే వస్తుంది. నేను అలాగే రాస్తాను. "మరో మాట" అని ఎత్తుకుని చూడు, ఎంత హాయిగా నడుస్తుందో.

శర్మ మాష్టారు
సుబ్బారావుగారూ, సగం సరిగానే చెప్పారు. సూర్యగణం మూడు మాత్రలే. కానీ మూడు మాత్రలున్న ప్రతిదీ సూర్యగణం కాదు. "మాట" అవుతుంది, "పలుకు" అవుతుంది. మీ "మరో"లో లఘువు ముందు, గురువు తర్వాత ఉన్నాయి కదా, దానికి ఇక్కడ గణమే లేదు. ఇంద్రగణం సంగతి కూడా అంతే. లావణ్య రాసిన "అడిగింది"లో అయిదు మాత్రలు, అదే చోట "అన్నది" వేస్తే నాలుగు. రెండూ చెల్లుతాయి. తాళం మీద ఆధారపడితే పాట వస్తుంది, పద్యం ఒక్కోసారి రాదు.

అమ్మాయీ, నీ మొదటి పాదం బాగుంది. అయితే "చేసి అడిగింది" అని విడగొట్టి రాయకు. "చేసి యడిగింది" అను. యతికి ఇబ్బంది లేదు, అకారానికి యకారంతో మైత్రి ఉంది.

పద్మజ
మాష్టారూ, యడాగమం గొడవ తర్వాత చూద్దాం. లావణ్య అడిగింది మంచి ప్రశ్న, దానికి జవాబు గణాల్లోనే ఉంది.

సరి పాదంలో ఉన్నవి అయిదూ సూర్యగణాలే. ప్రతి గణమూ లఘువుతోనే ముగుస్తుంది, "మాట" అయినా "పలుకు" అయినా. అంటే ఒక గురువు పక్కన ఇంకో గురువు ఆ పాదంలో ఎక్కడా రాదు. గణాల మధ్యలో రాదు, గణాలు కలిసే చోటా రాదు. ఇప్పుడు నీ పాదం చూడు. "పండక్కి": పం గురువు, డ గురువు. మొదటి మాటలోనే ఆగిపోయింది. తర్వాత "లేదా", "నువ్వు" కలిసి వరుసగా మూడు గురువులు. "పెట్టాక" కూడా అంతే.

మన వాడుక క్రియలు చాలావరకు ఇలా జంట గురువులతోనే ఉంటాయి: వచ్చాడు, చేసింది, అన్నారు, రాలేదు, చేస్తాను. ఇవేవీ సరి పాదంలో పట్టవు. "వచ్చె" పడుతుంది, "వచ్చి" పడుతుంది. వాడుక భాషలో మొదలుపెట్టిన పద్యాలు కూడా రెండో పాదానికి వచ్చేసరికి గ్రాంథికంలోకి జారిపోతుంటాయి. భాష మీద ప్రేమతో ఏమీ కాదు, వేరే దారి కనపడక.

దీనికి కారణం కూడా తమాషాగా ఉంటుంది. "వచ్చాడు" పాత రూపం "వచ్చినాడు". గురువు, లఘువు, గురువు, లఘువు. అంటే సరిగ్గా రెండు సూర్యగణాలు. నోట్లో అరిగి "చ్చినా" కాస్తా "చ్చా" అయ్యేసరికి మధ్యలో ఉన్న లఘువు ఎగిరిపోయి, అటూ ఇటూ ఉన్న గురువులు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. "పెట్టినాక", "పెట్టాక" కూడా ఇదే కథ.

మునిరత్నం
అక్కా, నోట్లో అరిగింది మీ వైపు. మా చిత్తూరు పక్క ఇప్పటికీ "వచ్చినాడు, చేసినాను, పోయినారు" అనే అంటాం. నేను అట్ల రాస్తే మీ కోస్తా మిత్రులు "గ్రాంథికం వద్దబ్బా" అని కామెంట్లు పెడతారు. మా అమ్మ మాట్లాడేది గ్రాంథికమా?

పద్మజ
న్యాయమైన మాట. మీకు ఆటవెలది మాకంటే సులువన్నమాట. తేటగీతి అయితే మరీను. దాని పాదం చివర రెండు సూర్యగణాలు, "వచ్చినాడు" అచ్చు గుద్దినట్టు అక్కడ కూర్చుంటుంది.

రాజేశం
మా కరీంనగర్ల "వచ్చిండు" అంటం, అది మీ "వచ్చాడు" లెక్కనే అడ్డం పడ్తది. కానీ "వస్తడు, పోతడు, చేస్తది" చూడుండ్రి. ఒక్కటే గురువు. మీ "వస్తాడంట"ల మూడు గురువులు వరసగ ఉన్నయి, మా "వస్తడంట" రెండు సూర్యగణాలు. సరి పాదం ఇగో:

రేపు వస్తడంట రేతిరేళ

రేపు, వస్త, డంట, రేతి, రేళ. యతి సుత పడ్డది. పద్యం ఏ యాసల రాస్తున్నమో ముందు చెప్పకుండ "వ్యావహారికానికి పట్టదు" అంటే ఎట్ల?

లావణ్య
ఇది నేను అస్సలు ఊహించలేదు. కానీ నాది గుంటూరు యాస, "వస్తడు" అని రాస్తే అరువు తెచ్చుకున్నట్టు ఉంటుంది. మరి నా రెండో పాదం ఏం చేయాలి?

పద్మజ
క్రియ లేకుండా రాయి. తెలుగులో క్రియ లేని వాక్యం ఎంతో సహజం. "ఆయన మా మామయ్య", "వాడికి జ్వరం", "ఇంకెంత దూరం" అంటాం, ఏ ఒక్కదానికీ క్రియ లేదు. వేమన "చూడ చూడ రుచుల జాడ వేరు" అన్నది చూడు. చూడ, చూడ, రుచుల, జాడ, వేరు. వాక్యం పూర్తయింది, "ఉంది" అనే అవసరమే రాలేదు. (అక్కడ చూ, జా అచ్చులు కలవవు, "చూడ", "జాడ" అని ప్రాసయతితో నెట్టుకొచ్చాడు. ఆ వెసులుబాటు మనకీ ఉంది.)

ఆటవెలది ఏర్పాటులోనే ఈ సౌకర్యం ఉంది. బేసి పాదం చివర రెండు ఇంద్రగణాలు. తెలుగు వాక్యంలో క్రియ వచ్చేదీ చివరే. "ఊరు వెళ్తున్నాడు" అంత బరువైన మాట కూడా అక్కడ పడుతుంది. ఊరువె, ళ్తున్నాడు. అంచేత జరిగింది బేసి పాదంలో చెప్పు, దాని మీద వ్యాఖ్యో ప్రశ్నో సరి పాదంలో క్రియ లేకుండా వెయ్యి.

లావణ్య
పొద్దున్నుంచీ దీంతోనే కుస్తీ. "పండక్కి" తీసేసి "పండగపుడు" పెట్టాను. "పెట్టాక"ని "పెట్టినాక" చేశాను, మా అమ్మమ్మ అలాగే అంటుంది కాబట్టి అరువు కాదు.

అమ్మ ఫోను చేసి అడిగింది మెల్లగా
పండగపుడు కూడ పనులె నీకు
సెలవు దొరకలేదు చెప్పాను నవ్వుతూ
ఫోను పెట్టినాక బోసి ఇల్లు

రెండో పాదం పండ, గపుడు, కూడ, పనులె, నీకు. నాలుగోది ఫోను, పెట్టి, నాక, బోసి, ఇల్లు. యతి ఫో, బో.

శర్మ మాష్టారు
గణాలకు ఏ లోటూ లేదు. సె, చె యతి కూడా చెల్లుతుంది. "కూడ", "పనులె" అని కుదించావు, మాట్లాడేటప్పుడు అలా కుదిస్తాం కనుక ఒప్పుకుంటాను. ఫోనులో ఉన్నది మన ఫకారం కాదు, పెదవి పంటికి తగిలే ధ్వని. దానికి బకారంతో యతి ఏమిటని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. రాసేది ఫ కనుక చెల్లిందనుకుందాం.

పద్మజ
నాకు చెవికి బాగానే ఉంది మాష్టారూ. లావణ్యా, "పండక్కి" మీద మనసు చంపుకోలేకపోతే తేటగీతి ప్రయత్నించు. అందులో ఇంద్రగణాలు నాలుగు పాదాల్లోనూ ఉంటాయి, రెండో చోటా మూడో చోటా. జంట గురువుల మాటకి ప్రతి పాదంలో సీటు దొరుకుతుంది:

అమ్మ అడిగింది ఫోనులో అలసినావ
పనులు ఎన్నున్న పండక్కి పంపరేమి

చిక్కల్లా ఆ సీటు పాదం మధ్యలో ఉండటం. "అడిగింది" ముందే వచ్చేసి "ఫోనులో" దాని వెనక పడింది, చూశావుగా. ఒకసారి అయితే మాట్లాడుతున్నట్టే ఉంటుంది. నాలుగు పాదాల్లోనూ అదే జరిగితే వాక్యం మెడ తిప్పినట్టు అనిపిస్తుంది. పాదం చివర ముగింపు కావాలంటే మళ్లీ "పంపరేమి", "అలసినావ" లాంటి మాటలే వెతుక్కోవాలి. అందుకే పొట్టి పొట్టి వాక్యాలకి నేను ఆటవెలదే ఎంచుకుంటాను. వాక్యం ఒక పాదం దాటి ఇంకో పాదంలోకి సాగుతుంటే తేటగీతి.

శర్మ మాష్టారు
"పనులు ఎన్నున్న" ఒప్పుకోను. ఉకారసంధి నిత్యం. "పనులెన్నున్న" అనాలి, అంటే నీ మొదటి గణం చెడుతుంది.

పద్మజ
నోటితో "పనులు, ఎన్నున్నా" అని ఆగి అనమా మాష్టారూ? సరే, మీ కోసం మారుస్తాను. "పనులకేమిలే పండక్కి పంపరేమి". పనుల, కేమిలే, పండక్కి, పంప, రేమి. నిజం చెప్పాలంటే ఇదే నయంగా ఉంది. కానీ వ్యావహారిక పద్యంలో విసంధి తప్పేనని మాత్రం నేను ఒప్పుకోను.

శర్మ మాష్టారు
నేనూ ఒప్పు అనను.

వెంకట్రావు
మంచి చర్చ జరుగుతోంది. మా అమ్మాయి పెళ్లి శుభలేఖ మీదకి ఒక తేటగీతి రాసిపెట్టగలరా ఎవరైనా? వధువు శ్రావణి, వరుడు సందీప్. సులువైన భాషలో ఉండాలి, ప్రింటింగ్‌కి ఎల్లుండి ఇవ్వాలి.

లావణ్య
అంకుల్, చర్చ దాని గురించి కాదండీ. కానీ పేర్లు భలే కుదిరాయి. "శ్రావణి" ఒక ఇంద్రగణం. "సందీప్"లో రెండూ గురువులే, చివర ఉకారం చేరిస్తే అదీ ఇంద్రగణమే. పక్కపక్కనే పెట్టేయొచ్చు:

పిలుపు శ్రావణి సందీపు పెళ్లి నాడు

పిలుపు, శ్రావణి, సందీపు, పెళ్లి, నాడు. యతి పి, పె. మిగతా మూడు పాదాలు రాత్రికి చూస్తాను.

సుబ్బారావు
"శ్రా" సంయుక్తాక్షరం కదా, దాని ముందున్న "పు" గురువైపోదూ? అప్పుడు "పిలుపు" చెడింది.

శర్మ మాష్టారు
అవదు. అవి రెండు వేరువేరు పదాలు, సమాసం కాదు. తెలుగులో పక్క పదం సంయుక్తాక్షరంతో మొదలైతే వెనక పదం చివరి లఘువు లఘువుగానే ఉంటుంది.

వెంకట్రావు
చాలా సంతోషం అమ్మా. ఒక్కటే ఇబ్బంది. "సందీపు" అని అచ్చేస్తే మా వియ్యంకులు వాళ్ల అబ్బాయి పేరు తప్పు పడిందంటారేమో. ఆ "పు" తీసేసి రాసే దారి ఏమైనా ఉందా?