సింగ్, కౌర్: ఇవి ఇంటిపేర్లేనా?

రికార్డుల రమణ: మా ఆఫీసులో కొత్తగా చేరినాయన గుర్‌ప్రీత్ సింగ్. భార్య పేరు హర్‌ప్రీత్ కౌర్ అని రాశాడు. ఇంటిపేర్లు కలవలేదని ఇన్సూరెన్స్ ఫారం వెనక్కొచ్చింది. ఈ సిక్కులకి ఇంటిపేర్లే ఉండవా? అందరికీ ఈ రెండే ఎందుకు?

వెంకట్ 77: ఉండవండీ. 1699 వైశాఖి నాడు ఆనంద్‌పూర్‌లో గురు గోవింద్ సింగ్ మగవాళ్ళందరికీ సింగ్, ఆడవాళ్ళందరికీ కౌర్ అని పెట్టేశారు. దాంతో ఇంటిపేర్లు పోయాయి.

నాందేడ్ బాబాయి: సగమే నిజం వెంకట్ గారూ. ఆ రోజు గురువు పిలుపుకి ముందుకొచ్చిన ఐదుగురిలో లాహోర్ ఖత్రీ దయారాం ఉన్నాడు, మన పక్కనున్న బీదర్ మంగలి సాహిబ్ చంద్ కూడా ఉన్నాడు. దీక్షగా అమృతం పుచ్చుకున్నాక ఒకరు దయా సింగ్, ఇంకొకరు సాహిబ్ సింగ్. పేరు వినగానే కులం తెలియకూడదనే కదా అదంతా. కౌర్ కూడా ఆ రోజే వచ్చిందా అన్నదాని మీద చరిత్రకారులకు పడదు. 1945లో ఖరారైన సిక్కుల నియమావళి, సిక్కు రెహత్ మర్యాదలో మాత్రం ఆడపిల్లకి కౌర్ అని స్పష్టంగా ఉంది.

ఇక ఇంటిపేర్లంటారా, అవి ఎక్కడికీ పోలేదు. పంజాబ్ ముఖ్యమంత్రిగా చేసిన ప్రకాశ్ సింగ్ బాదల్‌నే చూడండి. బాదల్ ఆయన ఊరు, వంశం ధిల్లాన్. కోడలు హర్‌సిమ్రత్ కౌర్ బాదల్. చివరి ముక్క వాడుకోని వాళ్ళకి సింగ్, కౌర్ దగ్గరే పేరు ఆగిపోతుంది. రమణ గారి ఫారంలో జరిగింది అదే. పెళ్ళయినా కౌర్ కౌరే, సింగ్ అయిపోదు.

సుజాత: ఇందులో వింతేముంది? మా ఊళ్ళో సగం మందికి ఒకే ఇంటిపేరు.

నాందేడ్ బాబాయి: అది వేరమ్మా. ఇంటిపేరు కలిస్తే మనం చుట్టాలేమోనని ఆరా తీస్తాం. ఇద్దరు సింగ్‌లు కలిస్తే ఆ ప్రశ్నే రాదు. పైగా వాళ్ళలో అసలు పేరు ఆడామగా ఇద్దరికీ ఒకటే. గురు గ్రంథ్ సాహిబ్ తెరిచి, వచ్చిన పద్యం మొదటి అక్షరంతో పేరు పెడతారు. కౌర్ తీసేస్తే హర్‌ప్రీత్ ఆడో మగో చెప్పలేం.

నిజం చెప్పాలంటే: కులం కనబడకూడదంటే సిద్ధూ, గిల్ లాంటి వంశం పేర్లు ఎందుకు తగిలిస్తున్నారు? పెళ్ళి ప్రకటనల్లో జాట్ సిక్కు, రామ్‌గఢియా అని విడివిడిగా వేస్తారు కదా!

నాందేడ్ బాబాయి: వేస్తారు, కాదనను. ఆ గొడవ వాళ్ళలోనూ ఉంది. కొందరు తోక కత్తిరించేశారు. కానీ కెనడా వీసా వాళ్ళు ఒకప్పుడు సింగ్, కౌర్ ఇంటిపేర్లుగా చెల్లవు, ఇంకోటి రాయమన్నారు. అంటే కత్తిరించిన తోకను మళ్ళీ అతికించుకోవాలన్నమాట. 2007లో గొడవ బయటపడ్డాక ఆ షరతు ఎత్తేశారు.

వెంకట్ 77: మరి మన్మోహన్ సింగ్ గారి భార్య గురుశరణ్ కౌర్, కూతుళ్ళేమో ఉపిందర్ సింగ్, దమన్ సింగ్, అమృత్ సింగ్! వాళ్ళకది ఇంటిపేరు కాక ఇంకేంటి?

నాందేడ్ బాబాయి: ఆ ఇంట్లో ఇంటిపేరే అయింది, ఒప్పుకోవాల్సిందే. రమణ గారూ, మీరు మాత్రం పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో అదే దించండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులూ చూశాను.

రికార్డుల రమణ: ఖాళీగానే ఉంది. మా ఫారం ఖాళీ ఒప్పుకోదు, చుక్క పెట్టినా తీసుకోవట్లేదు.