పాత కంపెనీ ఫారం 16 ఇవ్వడం లేదు, రిటర్ను ఎలా వేయాలి?

కొత్తకొలువు (జూలై 2025)
హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో నిరుడు నవంబరు ఆఖరు దాకా పనిచేశాను. ఏప్రిల్ నుంచి ఎనిమిది నెలలూ జీతంలో టీడీఎస్ కోశారు. జూన్ 15 దాటి నెల గడిచినా ఫారం 16 రాలేదు. హెచ్‌ఆర్ ఫోను ఎత్తడం లేదు, ఆఫీసు కూడా ఖాళీ చేశారట. బ్యాంకులో పడిన జీతాలన్నీ కూడితే 8,02,296 వచ్చింది. ఇదే చూపించి రిటర్ను వేయవచ్చా?

రెండో_షిఫ్టు
కంపెనీతో పనేమిటండీ, ట్రేసెస్ సైటులో మీ పాన్‌తో లాగిన్ అయి ఫారం 16 మీరే దించుకోండి. నేను అలాగే చేశాను.

లెక్కల_పంతులు
మీరు దించుకున్నది 26ఏఎస్, అంటే మీ పాన్ మీద జమ అయిన పన్నుల పట్టిక, అయి ఉంటుంది. ఫారం 16ను ట్రేసెస్ నుంచి తీసుకునే వీలు యజమానికే ఉంది, ఉద్యోగికి లేదు. అయినా రిటర్నుకు ఫారం 16 జత చేయనక్కరలేదు, కావలసింది అందులోని అంకెలే.

కొత్తకొలువు గారూ, బ్యాంకులో పడింది మీ జీతం కాదు, కోతలు పోగా మిగిలింది. పే స్లిప్పులో పై వరుస ఎంతో చెప్పండి. అలాగే 26ఏఎస్‌లో పాత కంపెనీ పేరు కింద ఏయే నెలలు కనిపిస్తున్నాయో చూడండి.

కొత్తకొలువు
నెలకు మొత్తం 1,10,000. అందులో పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200, టీడీఎస్ 7,713 పోగా చేతికి 1,00,287. 26ఏఎస్‌లో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకానే ఉంది. అక్టోబరు, నవంబరు లేవు!

రెండో_షిఫ్టు
అయితే ఆ ఆరు నెలల జీతమే చూపిస్తే సరిపోతుంది కదా. శాఖకు కనిపించేది అంతే.

లెక్కల_పంతులు
సరిపోదు. ఆ రెండు నెలల జీతం మీకు వచ్చింది, బ్యాంకు ఖాతాలో ఉంది. ఎనిమిది నెలలకు 8,80,000 చూపాలి. టీడీఎస్ కూడా పే స్లిప్పుల ప్రకారం 61,704 కోరండి. కంపెనీ టీడీఎస్ నంబరు, అంటే టాన్, 26ఏఎస్‌లోనే ఉంటుంది.

చిక్కల్లా ఆ రెండు నెలల 15,426 దగ్గరే. అక్టోబరు–డిసెంబరు టీడీఎస్ రిటర్నును కంపెనీ జనవరి 31లోగా వేయాలి. పన్ను కట్టి రిటర్ను వేయలేదా, అసలు కట్టనే లేదా అన్నది బయటి నుంచి తెలియదు. 26ఏఎస్‌లో రెండూ ఒకేలా కనబడతాయి, అంటే కనబడవు. మీరు మొత్తం కోరితే, తేడా సొమ్ము కట్టమని 143(1) కింద నోటీసు వచ్చే అవకాశం ఎక్కువ. అప్పుడు ఆదాయపు పన్ను పోర్టల్‌లో Response to Outstanding Demand తెరిచి, ఒప్పుకోవడం లేదని రాసి, పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు పెట్టండి. జీతంలో కోసేసిన పన్నును మళ్లీ ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదని 205వ సెక్షన్ చెబుతోంది. అలాంటి బకాయిల కోసం ఒత్తిడి చేయవద్దని పన్నుల బోర్డు సీబీడీటీ 2015లోనూ, 2016లోనూ అధికారులకు రాసింది.

గోదారిగట్టు
కాగితం మీద అంతే. నాకు అలాంటి నోటీసే వచ్చింది, జవాబిచ్చాను, కట్టమని ఎవరూ ఇంటికి రాలేదు. కానీ మరుసటి ఏడు నాకు రావలసిన రీఫండ్‌ను ఆ బకాయికి సర్దేసుకున్నారు. ఫిర్యాదు పెట్టి రెండేళ్లయింది, ఇంకా నడుస్తూనే ఉంది.

చిరుద్యోగి
నా జీతం 25,000. టీడీఎస్ ఎప్పుడూ కోయలేదు. బ్యాంకువాళ్లు లోనుకు ఫారం 16 అడుగుతున్నారు, కంపెనీ ఇవ్వనంటోంది. నేనూ ఫిర్యాదు చేయవచ్చా?

లెక్కల_పంతులు
మీది వేరే సంగతి. పన్ను కోయనప్పుడు ఫారం 16 ఇవ్వాలన్న నిర్బంధం లేదు. రిటర్ను వేసి దాని కాపీ, పే స్లిప్పులు బ్యాంకుకు చూపండి.

కొత్తకొలువు గారూ, కంపెనీ వ్యవహారాల శాఖ ఎంసీఏ సైటులో కంపెనీ పేరు కొడితే రిజిస్టర్డ్ చిరునామా దొరుకుతుంది. అక్కడికి అక్నాలెడ్జ్‌మెంటుతో రిజిస్టర్డ్ పోస్టు పంపండి. ఫారం 16 ఆలస్యానికి రోజుకు 500 జరిమానా ఉందని, అది కోసిన టీడీఎస్ మొత్తం దాకా పోతుందని రాయండి. ఆ సొమ్ము మీకు రాదు లెండి, ప్రభుత్వానికే. పలకకపోతే పోర్టల్ మొదటి పేజీలో Know TAN Details నొక్కితే ఆ టాన్ ఏ టీడీఎస్ అధికారి కిందికి వస్తుందో తెలుస్తుంది. అదే ఉత్తరం కాపీతో ఆయనకు ఫిర్యాదు చేయండి.

ఇంకొకటి. డిసెంబరులో చేరిన కంపెనీకి పాత జీతం వివరాలు ఇచ్చారా?

కొత్తకొలువు
ఇవ్వలేదు. ఎందుకు?

లెక్కల_పంతులు
అయితే వాళ్లు 75,000 స్టాండర్డ్ డిడక్షన్, పన్ను లేని స్లాబు మళ్లీ మొదటి నుంచి ఇచ్చేసి ఉంటారు. రెండు జీతాలూ కలిపితే మీరే ఇంకా కట్టవలసి వస్తుంది. 15,426 కంటే అదే పెద్ద మొత్తం కావచ్చు, ముందు ఆ లెక్క చూసుకోండి. గడువు ఈసారి సెప్టెంబరు 15 దాకా ఉంది.

కొత్తకొలువు (పది రోజుల తర్వాత)
లెక్క చూశాను, నిజమే, కట్టాలి. పాత కంపెనీకి పంపిన ఉత్తరం "తలుపు తాళం" అని రాసి తిరిగి వచ్చింది. ఆ కవరు తెరవకుండా అలాగే ఫిర్యాదుకు జత చేశాను. ఇంతవరకూ జవాబు లేదు.

గోదారిగట్టు
ఫిర్యాదు నంబరు దాచుకోండి. నోటీసు వచ్చినప్పుడు అది కూడా పెట్టండి. నేను పెట్టలేదు.