‘అప్‌స్కేల్’ని సాగదీత అనొచ్చా?

పదాల పొద: బొమ్మలు గీసే ఒక ఏఐ సాఫ్ట్‌వేర్ మెనూలను తెలుగు చేస్తున్నాం. బొమ్మ సైజు పెంచే `Upscale`కి ‘సాగదీత’ అనీ, అందులోని `Tile`కి ‘పలక’ అనీ పెట్టాను. సమీక్షలో సాగదీత తప్పన్నారు, ఎందుకో చెప్పలేదు. ఇంకో సందేహం. సైజు గడిలో 1024 × 1024 దాటితే ‘సిఫారసు చేయము’ అని హెచ్చరిక వస్తోంది. దాన్ని ‘అనుమతి లేదు’ అని రాయొచ్చా?

కోడూ కవితా: రాసేయండి. మోడల్ ఏ సైజు బొమ్మల మీద నేర్చుకుందో ఆ సైజే ఇవ్వగలదు. స్టేబుల్ డిఫ్యూజన్ 1.5 అయితే 512, ఎస్‌డీఎక్స్‌ఎల్ అయితే 1024. వేరే సైజు అడిగితే ఎర్రర్ వస్తుంది.

రెండో చూపు: నేర్చుకున్న సైజుల మాట నిజమే కానీ ఎర్రర్ రాదండీ. వస్తే ఇంత తంటా ఉండేది కాదు. 1.5కి 1024 × 1024 ఇవ్వండి, మెమరీ ఉంటే బొమ్మ గీసి చేతిలో పెడుతుంది. కాకపోతే ఒక మనిషిని అడిగిన చోట ఇద్దరుంటారు, లేదా ఒకే మెడ మీద రెండు తలలుంటాయి. మనిషి తల 512 చదరంలో ఏ మేరకు ఉంటుందో మాత్రమే దానికి తెలుసు. కాన్వాసు నాలుగింతలయ్యేసరికి మిగిలిన జాగాలో కూడా ‘ఇక్కడా ఒక బొమ్మ ఉండాలి’ అనుకుంటుంది. అందుకే ‘అనుమతి లేదు’ తప్పు, ‘సిఫారసు చేయము’ ఒప్పు.

ఖర్చు సంగతీ ఉంది. ఈ మోడళ్లు పిక్సెళ్ల మీద నేరుగా పనిచేయవు. ఒక్కో వైపు ఎనిమిదో వంతుకు కుదించిన గడుల మీద పనిచేస్తాయి. 512 బొమ్మంటే లోపల 64 × 64, అంటే 4,096 గడులు. 1024 అయితే 16,384. మోడల్ లోపలి కొన్ని పొరల్లో ప్రతి గడీ మిగతా అన్ని గడులనూ చూసుకోవాలి. కాబట్టి వైపు రెట్టింపైతే గడులు నాలుగింతలు, ఆ చూసుకునే పని పదహారింతలు అవుతుంది.

కోడూ కవితా: మరి ఎస్‌డీఎక్స్‌ఎల్‌లో 832 × 1216 పెడితే రెండు తలలు రావడం లేదే?

రెండో చూపు: అది దానికి నేర్పిన ఆకారాల్లో ఒకటి. 832 × 1216 గుణిస్తే 10 లక్షల పైచిలుకు పిక్సెళ్లు, 1024 × 1024 కూడా దాదాపు అంతే. చదరం, నిలువు, అడ్డం ఏదైనా మొత్తం విస్తీర్ణం ఒకేలా ఉండేట్టు, రెండు వైపులూ 64తో భాగించబడేట్టు ఆకారాలు ఎంచుకుని నేర్పారు. కాబట్టి మెనూలో ‘స్థిర పరిమాణం’ కన్నా ‘నేర్చిన పరిమాణం’ బాగుంటుందేమో.

నేత అంచు: టైల్ గురించి నేనొకటి చెప్పాలి. `Tiling` అని టిక్కు పెట్టే గడి ఉంటుంది కదా. అది పెడితే బొమ్మ కుడి అంచు ఎడమ అంచుతో, పైది కిందదానితో సరిగ్గా కలుస్తుంది. చీర అంచుల డిజైన్లకు, కలంకారీ తీగలకు వాడుకుంటాం. దానికి ‘పలక’ ఏం బాగుంటుంది, ‘పునరావృతం’ అనాలి.

రెండో చూపు: మీరు చెప్పింది నిజమే కానీ అది వేరే సంగతి. మీ `Tiling` ఒకే బొమ్మను పక్కపక్కన పేర్చినా అతుకు కనబడకుండా చేస్తుంది. పొద గారు అడిగింది పెద్ద బొమ్మను ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ విడిగా గీయించి, తిరిగి అతికించడం. రెండింటికీ ఒకే తెలుగు మాట పెడితే వాడేవాళ్లు తప్పు గడి నొక్కుతారు. మీదానికి ‘అల్లిక నమూనా’, దీనికి ‘ముక్కలుగా’ అంటే సరి.

ఫ్లెక్సు బాబాయ్: మాటల సంగతి మీరు తేల్చుకోండి గానీ నా పని చూడండి. బతుకమ్మ ఎత్తుకున్న అమ్మాయి బొమ్మ 832 × 1216లో వచ్చింది. 12 × 18 అంగుళాల పోస్టరు వేయాలి. ముక్కల పద్ధతిలో పెంచితే ఆకాశంలో చిన్న చిన్న మొహాలు మొలిచాయి. ఒకచోట ఇంకో బతుకమ్మ. పైగా గళ్లగళ్లుగా గీతలు.

రెండో చూపు: బాబాయ్, ముందు లెక్క చూద్దాం. నాలుగింతలు చేస్తే 3328 × 4864. మీ పోస్టరు నిష్పత్తికి వెడల్పులో 85 పిక్సెళ్లు కోసేస్తే అంగుళానికి 270 చుక్కలు వస్తాయి. ఆ సైజు పోస్టరుకు చాలు. 300 కావాలని ఇంకా పెంచక్కర్లేదు.

ఇక మొహాలు. 1024 ముక్కలైతే అడ్డంగా 4, నిలువుగా 5, మొత్తం 20. ప్రతి ముక్కకూ ‘బతుకమ్మ ఎత్తుకున్న అమ్మాయి’ అన్న మీ వర్ణన మొత్తం వెళ్తుంది. ఉత్త ఆకాశం ఉన్న ముక్కకు కూడా. ఉన్న బొమ్మను ఎంత మార్చొచ్చో చెప్పే `Denoising strength` ఎక్కువుంటే అది ఆకాశాన్ని చెరిపి అమ్మాయిని వెతుక్కుంటుంది. ఎంత పెట్టారు?

ఫ్లెక్సు బాబాయ్: 0.6.

రెండో చూపు: అదే కారణం. 0.25కి దించండి. దారం పోగులు, పూరేకులు ఇంకా మసకగా ఉంటే 0.3 దాకా పోవచ్చు. వర్ణనలోంచి అమ్మాయినీ బతుకమ్మనూ తీసేసి ‘స్పష్టమైన ఫొటో, సన్నని వివరాలు’ అన్నంత మటుకే ఉంచండి. గీతలు పడేది ముక్కలు ఒకదానికొకటి తెలియకుండా గీయడం వల్ల. పక్క ముక్కలోకి 64 పిక్సెళ్లు తొంగిచూసేట్టు `Padding` పెంచి, అంచులు మెత్తగా కలిసేట్టు `Mask blur` 16 పెట్టండి. ఆకాశం, గోడ లాంటి నున్నటి చోట్ల రంగు తేడా ఇంకా కనిపిస్తే, అతుకుల మీద మాత్రమే ఇంకోసారి గీసే `Seams fix` ఉంటుంది. సమయం పడుతుంది కాబట్టి అవసరమైతేనే.

బొమ్మ మీద తెలుగు అక్షరాలున్నాయా?

ఫ్లెక్సు బాబాయ్: పైన ‘బతుకమ్మ శుభాకాంక్షలు’ ఉంది.

రెండో చూపు: వాటిని తీసేసి పెంచండి. 0.25లో కూడా ‘మ్మ’ కింద ఒత్తు తోకలా మారుతుంది, తలకట్టు పక్క అక్షరానికి అంటుకుంటుంది. పెంచాక మీ డీటీపీలో ఫాంటుతో వేసుకోండి.

పదాల పొద: అయితే `Upscale` అంటే సాగదీత కాదు, మళ్లీ గీయడం. అంతేనా?

రెండో చూపు: అన్నిచోట్లా కాదు. మీ జాబితాలో `Lanczos` ఉంటే అది నిజంగా సాగదీతే. ఉన్న పిక్సెళ్ల మధ్య విలువలు లెక్కగడుతుందంతే, కొత్తగా ఏదీ చేర్చదు, అందుకే మసక. `R-ESRGAN 4x+` వర్ణన చదవదు గానీ అంచులు పదును చేసి, లేని నునుపు తెస్తుంది. చర్మం మైనం పూసినట్టుంటే అది దాని పనే. ముక్కలుగా డిఫ్యూజన్ నడపడం మాత్రం అచ్చంగా తిరగగీయడం. నాయిజ్ అనే చుక్కల గజిబిజి కలిపి, దాన్ని తొలగిస్తూ కొత్త వివరాలు పుట్టిస్తుంది. చెవికమ్మ డిజైను మారిపోయినా ఆశ్చర్యపడకూడదు.

కోడూ కవితా: మూడింటికీ కలిపి ‘పెంపు’ అనేస్తే పోదూ?

పదాల పొద: చెవికమ్మ మారిపోయేదాన్ని కూడా పెంపు అంటే వాడేవాళ్లకు తెలిసేదెలా? మొత్తానికి ‘పెంపు’, దాని కింద ‘సాగదీత’, ‘పదును’, ‘తిరగగీత’ అని మూడు పెడదామా?

నేత అంచు: తిరగగీత వినడానికి తలరాత మార్చినట్టుంది. ‘పునర్లేఖనం’ పెట్టండి.

ఫ్లెక్సు బాబాయ్: పునర్లేఖనం అంటే మా కుర్రాళ్లు అక్షరాలు మళ్లీ టైపు చేస్తారు. 0.25 పెట్టాను, మొహాలు పోయాయి. ఎడమ మూల ఆకాశంలో ఒక గీత మిగిలింది.

రెండో చూపు: ఆ ఒక్క గీతకు `Seams fix` వద్దు. ఫొటోషాప్‌లో హీలింగ్ బ్రష్‌తో తుడిచేయండి, తొందరగా అవుతుంది.