ప్యాకెట్ మీద 500 కోట్లు, గుంటలో ఎన్ని?

అల్లూరు రైతు:
నాకు వనామి రొయ్యల గుంటలు మూడున్నాయి. ఒక ప్రోబయోటిక్ ప్యాకెట్ మీద పన్నెండు బ్యాక్టీరియాల పేర్లు, గ్రాముకు 500 కోట్ల సీఎఫ్‌యూ, అంటే అన్ని బతికున్న బ్యాక్టీరియా అని ఉంది. ఇంకొక దాని మీద ఒకే ఒక బాసిల్లస్ పేరు, పక్కన ఏవో అక్షరాలూ అంకెలూ, గ్రాముకు 100 కోట్లు అని ఉంది. పెద్ద అంకె ఉన్నదే కొనమంటున్నారు. ఆ మాట సరైనదేనా?

కావలి మందుల దుకాణం:
ఎక్కువ కౌంట్ ఉన్నదే తీసుకోవడం మంచిదని నా అనుభవం. గోదాములో ఎండకు, తేమకు కొన్ని చనిపోయినా మిగిలేవి మిగులుతాయి. పేర్లు ఎక్కువ ఉంటే ఒకటి నీటికి, ఒకటి అడుగు మడ్డికి, ఒకటి రొయ్య పేగుకు పనిచేస్తుంది. ఆ అక్షరాలూ అంకెలూ కంపెనీలు తమ గుర్తు కోసం పెట్టుకునేవే తప్ప రైతుకు వాటితో పనిలేదు.

నెల్లూరు ల్యాబ్:
కావలి వారి మొదటి మాట సగం నిజం. నిల్వలో తరుగు ఉంటుంది గనుక, తయారైన రోజు లెక్క కాక గడువు తీరే రోజుకు మిగిలే లెక్క ప్యాకెట్ మీద ఉండాలి. మనుషులు తినే ప్రోబయోటిక్‌ల విషయంలో కేంద్ర సంస్థలైన ఐసీఎంఆర్, డీబీటీ కలిసి 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు అడిగేది అదే. బాసిల్లస్ అయితే స్పోరు, అంటే గట్టి పొర కట్టుకుని నిద్రపోయే రూపంలో ఎండనూ ఆరుదలనూ చాలావరకు తట్టుకుంటుంది. లాక్టోబాసిల్లస్ స్పోరు కట్టదు. నైట్రోసోమోనాస్ కూడా కట్టదు, పైగా అది చాలా మెల్లగా పెరుగుతుంది. బ్యాక్టీరియాను పెంచి లెక్కపెట్టే మామూలు అగర్ పళ్లెం మీద అసలు కాలనీ కట్టదు. కాబట్టి పన్నెండు పేర్లలో నైట్రోసోమోనాస్ కూడా ఉండి, అన్నిటికీ కలిపి ఒకే అంకె వేస్తే, ఆ అంకె ఏ జీవిదో అమ్మేవారిని అడగండి. నా అనుభవంలో అది ఎక్కువగా బాసిల్లస్ ఒక్కదానిదే అవుతుంది.

ఇక అంకెను గుంటలోకి దించి చూద్దాం. ఎకరం గుంటలో మీటరు లోతు నీళ్లుంటే సుమారు 40 లక్షల లీటర్లు, అంటే 400 కోట్ల మిల్లీలీటర్లు. గ్రాముకు 500 కోట్ల చొప్పున కిలోలో ఐదు లక్షల కోట్లు ఉంటాయి. భాగిస్తే మిల్లీలీటరుకు సుమారు 1,250 వస్తాయి. మేత పడుతున్న గుంట నీటిలో సహజంగానే మిల్లీలీటరుకు లక్షల్లో బ్యాక్టీరియా ఉంటుంది. కిలో చల్లడం అంటే తిరునాళ్లలోకి నలుగురిని పంపడం లాంటిది. వాళ్లు అక్కడ పెరిగి నిలబడితేనే ఫలితం, నిలబడకపోతే లేదు. నిలబడటం అనేది స్ట్రెయిన్, అంటే ఒకే జాతిలోని ఫలానా రకం గుణం, ప్యాకెట్ మీది అంకె గుణం కాదు.

పోయిన ఏడాది ఒక రైతు తెచ్చిన 500 కోట్ల ప్యాకెట్‌ను మేమే పరీక్షించాం. ఒక గ్రామును తొమ్మిది మిల్లీలీటర్ల శుద్ధమైన ఉప్పు నీటిలో కలిపి, అందులోంచి ఒక వంతుకు తొమ్మిది వంతులు కలుపుతూ మొత్తం ఐదుసార్లు పలచన చేశాం. చివరి గొట్టంలోంచి మిల్లీలీటరులో పదో వంతు తీసి పళ్లెం మీద పరిస్తే మరునాటికి 42 కాలనీలు వచ్చాయి. వెనక్కి లెక్క కడితే గ్రాముకు 4.2 కోట్లు. అదే కిలోను ఎకరంలో చల్లితే మిల్లీలీటరుకు పది పన్నెండు. ఆ ప్యాకెట్ గడువు ఇంకా ఎనిమిది నెలలుంది. అయితే ఒక్క ప్యాకెట్ చూసి ఆ సరుకంతా ఇలాగే ఉందని నేననను.

సింగరాయకొండ:
కౌంట్ గురించే మాట్లాడుతున్నారు గనుక అడుగుతున్నాను. నాకు కిలోకు 60 కౌంట్ రావలసిన రొయ్య 90 దగ్గరే ఆగిపోయింది, చెక్ ట్రేలో తెల్ల మలం కనిపిస్తోంది. ఏ ప్రోబయోటిక్ వాడితే కౌంట్ మారుతుంది?

నెల్లూరు ల్యాబ్:
మీరడిగిన కౌంట్ కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది, అది వేరండీ, ఇక్కడ చర్చలో ఉన్నది బ్యాక్టీరియా లెక్క. తెల్ల మలం, ఎదుగుదల ఆగడం కలిసి కనిపిస్తే ముందు పది రొయ్యలను ఈహెచ్‌పీ పీసీఆర్ పరీక్షకు ఇవ్వండి. ఈహెచ్‌పీ బ్యాక్టీరియా కాదు, రొయ్య కాలేయ కణాల లోపల ఉండే మైక్రోస్పోరిడియా అనే పరాన్నజీవి. దాన్ని చంపుతుందని ఎవరైనా ప్రోబయోటిక్ అమ్మితే కొనకండి.

ఒంగోలు ఫార్మసిస్టు:
అక్షరాలూ అంకెలతో పనిలేదన్న మాట మీద నాకు అభ్యంతరం ఉంది. ఎల్‌జీజీ అనే లాక్టోబాసిల్లస్ రామ్నోసస్‌కు ఏటీసీసీ 53103 అనే స్ట్రెయిన్ గుర్తు ఉంది. ఆ గుర్తుంటేనే ఏ పరిశోధన ఆ ప్యాకెట్‌కు వర్తిస్తుందో తెలుస్తుంది. అయితే గుర్తు ఉన్నంత మాత్రాన పని జరుగుతుందనీ కాదు. అమెరికాలో విరేచనాలతో ఆసుపత్రికి వచ్చిన చిన్న పిల్లలకు అదే ఎల్‌జీజీని పూటకు 1,000 కోట్ల చొప్పున రోజుకు రెండు పూటలు ఐదు రోజులు ఇచ్చి చూస్తే, మందు లేని ఉత్తుత్తి డోసు ఇచ్చిన పిల్లలకంటే మెరుగు కనిపించలేదని 2018లో ప్రచురించారు. పేరూ సరైనదే, లెక్కా పెద్దదే, ఆ జబ్బుకు మాత్రం ఆ పిల్లల్లో పనిచేయలేదు.

నెల్లూరు ల్యాబ్:
నిజం. గుర్తు అనేది రుజువు కాదు, రుజువును వెతకడానికి చిరునామా. మన గుంటల్లోనే దీనికి మంచి తార్కాణం ఉంది. విబ్రియో పారాహీమోలిటికస్ అనే బ్యాక్టీరియాలన్నీ ఈఎంఎస్, అంటే రొయ్య పిల్లలు తొందరగా చనిపోయే జబ్బు తేవు. విషాన్ని తయారుచేసే జన్యువులున్న ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్టను మోసే స్ట్రెయిన్లే తెస్తాయి. విబ్రియోలను పెంచి చూసే టీసీబీఎస్ పళ్లెం మీద రెండూ ఒకే రకంగా పచ్చ కాలనీలు కడతాయి. చెడు చేసేదాంట్లో ఒకే జాతిలో ఇంత తేడా ఉన్నప్పుడు, మేలు చేసేదాంట్లో బాసిల్లస్ సబ్టిలిస్ అన్న పేరు ఒక్కటి చాలుతుందని ఎలా అనుకుంటాం? థాయిలాండ్‌లో టైగర్ రొయ్యల మేతలో వాడి 1998లో మంచి ఫలితం చూపిన బాసిల్లస్‌ను ఎస్11 అని పిలిచారు. ఆ ఫలితం ఎస్11ది, అదీ మేతలో ఇచ్చినప్పటిది. నీటిలో చల్లే వేరే బాసిల్లస్‌కు దాన్ని అంటగట్టడం కుదరదు.

ఇందుకూరుపేట రైతు:
మిల్లీలీటరుకు 1,250 అన్న లెక్క ప్యాకెట్‌ను నేరుగా చల్లితేనే. ఇక్కడ అలా ఎవరు చల్లుతున్నారు? 200 లీటర్ల డ్రమ్ములో బెల్లం, తవుడు, అర కిలో ప్రోబయోటిక్ కలిపి ఒక రోజు గాలి పెట్టి చల్లుతాం. అది వందల రెట్లు పెరగదా? నాకు వరుసగా రెండు పంటలు బాగా వచ్చాయి.

నెల్లూరు ల్యాబ్:
పెరుగుతుంది, కాదనను. ఏది పెరిగింది అన్నదే నా సందేహం. బోరు నీటితో, తవుడుతో, కడగని డ్రమ్ముతో వచ్చిన బ్యాక్టీరియా కూడా అదే బెల్లం తింటుంది, స్పోరు మేల్కొనేలోపు అవి ముందుకు పోవచ్చు. డ్రమ్ము నీటిని చల్లేముందు ఒక చుక్క టీసీబీఎస్ మీద, ఒక చుక్క 80 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడిచేసి మామూలు అగర్ మీద వేసి చూడండి. మొదటి దానిలో పచ్చ, పసుపు కాలనీలు విరివిగా వస్తే చల్లకండి. రెండోదానిలో వచ్చేవి స్పోర్ల నుంచి మొలిచినవి మాత్రమే, కాబట్టి పెరిగిన కణాలన్నిటినీ అది లెక్కించదు.

ఇందుకూరుపేట రైతు:
రెండు పంటలు కళ్ల ముందు ఉన్నాయి, పళ్లెం చూసి మానుకోమంటే ఎలా సార్?

నెల్లూరు ల్యాబ్:
ఆ రెండు పంటలకూ డ్రమ్ము వేయని గుంట పక్కన ఉందా?

ఇందుకూరుపేట రైతు:
లేదు. అన్నిటికీ వేశాను.

అల్లూరు రైతు:
ఒకే పేరున్న కంపెనీ వారికి ఫోన్ చేసి ఆ గుర్తు మీద వనామిలో చేసిన పరీక్ష ఏదైనా ఉందా అని అడిగాను. పంపుతామన్నారు, నాలుగు రోజులైంది. ఈలోగా పన్నెండు పేర్ల ప్యాకెట్ ఒకటి ల్యాబ్‌కు పంపుతున్నాను. ఈ పంటకు ఒక గుంటకు ఏమీ వేయకుండా వదిలేద్దామనుకుంటున్నాను, మా ఇంట్లో వాళ్లు ఒప్పుకోవడం లేదు.